చార్జరు ఏడాదికి ఒక బకెట్ వేన్నీళ్లు

సంక్రాంతికి మా బాబాయి ఇంటికి పిల్లలు, మనవలు కలిపి పదిమంది వచ్చారు. పండగ నాలుగు రోజులూ హాల్లో, పడగ్గదిలో, చివరికి దేవుడి గది పక్కనున్న ప్లగ్గులో కూడా చార్జర్లు వేలాడుతూనే ఉన్నాయి. ఫోన్లు తీసుకున్నవాళ్లు చార్జరు తీయరు, స్విచ్చి కట్టరు. బాబాయి రాత్రిళ్లు లేచి ఒక్కొక్కటీ ఆపుకుంటూ తిరిగేవాడు. ఫిబ్రవరిలో బిల్లు ఎక్కువ వచ్చేసరికి ఆయన అనుమానం రూఢి అయింది. "చూశావుట్రా, ఖాళీ చార్జర్లు ఎంత తాగేశాయో!" అన్నాడు నాతో.

తాగుతాయన్న మాట నిజమే. గోడకు గుచ్చి స్విచ్చి వేసిన చార్జరు, కొసన ఫోను లేకపోయినా కొద్దిగా కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. ఆ కొద్ది ఎంతన్నది మాత్రం ఆయనా కొలవలేదు, నేనూ కొలవలేదు. కొలవడానికి కావలసిన పరికరం ఆ ఇంటి వరండాలోనే, గోడకు బిగించి ఉంది.

ఇప్పటి ఎలక్ట్రానిక్ కరెంటు మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది. మీటరు ముఖం మీదే యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది. బాబాయి ఇంటి మీటరు మీద 3200 అని ఉంది. అంటే ఒక యూనిట్ ఖర్చయ్యేలోపు ఆ లైటు 3200 సార్లు వెలుగుతుంది. యూనిట్ అంటే వెయ్యి వాట్లు గంటసేపు, వాటు-సెకండ్లలో చెప్పాలంటే 36 లక్షలు. దాన్ని 3200తో భాగిస్తే ఒక్కో మిణుకుకు 1125 వాటు-సెకండ్లు వస్తాయి. ఇక లెక్క సులువు. రెండు మిణుకుల మధ్య ఎన్ని సెకండ్లు పట్టిందో చూసి, 1125ను ఆ సంఖ్యతో భాగిస్తే ఆ క్షణాన ఇల్లు ఎన్ని వాట్లు లాగుతోందో తెలిసిపోతుంది. ఫ్యాన్లు, ఫ్రిజ్జు నడుస్తున్న ఇంట్లో లైటు గబగబా కొట్టుకుంటుంది. అన్నీ కట్టేస్తే నిమిషాలు గడిచినా ఒక్కసారి వెలగదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అన్నీ కట్టేసి ఒక్క చార్జరే ఉంచి కొలుద్దామంటే కుదరదు. ప్రతి మీటరుకూ, అది లెక్కించడం మొదలుపెట్టడానికి కావలసిన కనీస కరెంటు అంటూ ఒకటి ఉంటుంది. ఇళ్ల మీటర్లలో అది కొన్ని వాట్ల దగ్గర ఉంటుంది కాబట్టి, ఒంటరి చార్జరు అంతకన్నా చాలా తక్కువ తీసుకుంటూ మీటరు కంటికి ఆనదు. ఇది చదివి చార్జరు ఖర్చు సున్నా అనుకోకండి. మామూలుగా ఇంట్లో ఫ్రిజ్జో ఫ్యానో నడుస్తూనే ఉంటుంది. మీటరు అప్పటికే మేలుకుని ఉంటుంది కనుక చార్జరు వాటా కూడా దానితో కలిసి లెక్కలోకి వస్తుంది. అందుకే కొలిచేటప్పుడు ఒక చిన్న ఎల్ఈడీ బల్బును వెలిగించి ఉంచాలి. ముందు బల్బు ఒక్కదాన్నే కొలవాలి, తర్వాత బల్బుతోపాటు చార్జర్లను. తేడాయే మనకు కావలసింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పని మొదలుపెట్టాం. ఫ్రిజ్జు ఆపాం. ఇన్వర్టరు ప్లగ్గు తీశాం. టీవీ, సెట్‌టాప్ బాక్సు, నీళ్ల ఫిల్టరు, కాలింగ్ బెల్లు దాకా అన్నీ కట్టేసి హాల్లో 9 వాట్ల బల్బు ఒక్కటి ఉంచాం. పిన్ని "ఐస్ కరిగిపోతుంది, త్వరగా కానివ్వండి" అంటూనే ఉంది. బాబాయి కుర్చీ వేసుకుని మీటరు ముందు కూర్చున్నాడు. ఒక మిణుకు దగ్గర గడియారం మొదలుపెట్టి, ఆ తర్వాత పది మిణుకులు లెక్కపెట్టాం. ఒక్క మిణుకుతో సరిపెడితే ఒకటి రెండు సెకండ్ల పొరపాటు లెక్కను పాడుచేస్తుంది, పదైతే ఆ పొరపాటు పదో వంతుకు తగ్గుతుంది. పది మిణుకులకు 1250 సెకండ్లు పట్టింది. 11,250ని 1250తో భాగిస్తే 9 వాట్లు. బల్బు డబ్బా మీద రాసింది నిజమే.

తర్వాత నాలుగు ఫోను చార్జర్లు గుచ్చాం, ఫోన్లు లేకుండా. ఇరవై నిమిషాలు ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. ఈసారి 1210 సెకండ్లు. అంటే 9.3 వాట్లు. నాలుగు చార్జర్లూ కలిసి తీసుకున్నది 0.3 వాటు. ఒక్కోదానికి 0.075 వాటు పడింది.

ఏడాదికి 8760 గంటలు. ఒక్క నిమిషం కూడా ఆపకుండా నాలుగు చార్జర్లనూ ఏడాదంతా అలాగే వదిలేస్తే 2.6 యూనిట్లు ఖర్చవుతాయి. బాబాయి ఇంట్లో నెలకు 180 యూనిట్ల దాకా వాడతారు. ఆంధ్రప్రదేశ్‌లో 126 నుంచి 225 యూనిట్ల మధ్య పడే వాడకానికి యూనిట్ ధర 6 రూపాయలు. పైన వేసే సర్దుబాటు చార్జీలు వేరు. ఆ ధర ప్రకారం నాలుగు చార్జర్లకూ కలిపి ఏడాదికి 16 రూపాయలు. ఒక్కోటి నాలుగు రూపాయల లోపే.

నాలుగు రూపాయలంటే ఏమిటో అంచనా రావాలంటే గీజరు దగ్గరికి వెళ్లాలి. ఒక బకెట్ నీళ్లు ఇరవై లీటర్లనుకుందాం. వాటిని పాతిక డిగ్రీలు వేడి చేయడానికి దాదాపు 0.6 యూనిట్ కావాలి. గీజరు వృథా చేసే వేడిని కలిపితే ఇంకొంచెం ఎక్కువ. ఒక చార్జరు ఏడాదంతా ఖాళీగా గుచ్చి ఉంటే తీసుకునేది 0.66 యూనిట్. అంటే ఏడాదిపాటు ఊరికే వేలాడిన చార్జరు తాగేది సరిగ్గా ఒక్క బకెట్ వేన్నీళ్ల కరెంటు. సంక్రాంతి నాలుగు రోజుల్లో ఆ ఇంట్లో పదిమందికీ తక్కువలో తక్కువ నలభై బకెట్లు కాగాయి. ఫిబ్రవరి బిల్లు ఎందుకు పెరిగిందో బాబాయికి అప్పుడు నేను చెప్పనక్కర్లేకపోయింది.

ఈ వేన్నీళ్ల పోలిక కొత్తదేమీ కాదు. కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రం చెప్పిన డేవిడ్ మెకై 2008లో తన పుస్తకంలో ఇలాంటి లెక్కే వేశాడు. అప్పటి చార్జరుకు అర వాటు అని తీసుకుని, దాన్ని ఏడాదంతా ఆపితే మిగిలేది ఒక తొట్టి స్నానానికి కావలసిన వేడి అన్నాడు. వాళ్లది తొట్టి, మనది బకెట్. ఈ మధ్యకాలంలో చార్జరు కూడా తొట్టి నుంచి బకెట్‌కు దిగింది.

ఆ దిగడం వెనక కొంత కథ ఉంది. మనలో నలభై దాటినవాళ్లకు ఎలిమినేటరు గుర్తుండే ఉంటుంది. టేప్ రికార్డరుకో, రేడియోకో సెల్స్ బదులు పెట్టే నల్లటి బరువైన పెట్టె. దాని బరువంతా లోపలి ఇనుప ట్రాన్స్‌ఫార్మరుది. గోడవైపు తీగచుట్ట నేరుగా 230 వోల్టులకు అతుక్కుని ఉంటుంది కాబట్టి, అవతల రేడియో ఉన్నా లేకపోయినా ఆ ఇనుములో సెకండుకు 100 సార్లు అయస్కాంతం తలకిందులవుతూనే ఉంటుంది. ఆ శ్రమంతా వేడిగా పోతుంది. అందుకే ఎలిమినేటరు ఎప్పుడు పట్టుకున్నా గోరువెచ్చగా ఉండేది. బాబాయి అటక మీద నుంచి తన పాత రేడియో ఎలిమినేటరు దింపాడు. అది ఇంకా పనిచేస్తోంది. దాన్ని ఖాళీగా గుచ్చితే పది మిణుకులు 1000 సెకండ్లలో అయిపోయాయి. అంటే 11.25 వాట్లు, అందులో ఎలిమినేటరు వాటా 2.25. ఏడాదికి దాదాపు 20 యూనిట్లు, 118 రూపాయలు. ముప్ఫై ఫోను చార్జర్లతో సమానం. "ప్లగ్గులో వదిలేయకండర్రా" అని పెద్దవాళ్లు అరిచిన రోజుల్లో ప్లగ్గులో ఉండేది ఇదీ. వాళ్లు చెప్పింది అప్పటికి సరైన మాటే.

ఇప్పటి ఫోను చార్జరులో ఆ ఇనుము లేదు. లోపలికొచ్చిన కరెంటును ముందు ఏకదిశ కరెంటుగా మార్చి, ఒక స్విచ్చి దాన్ని సెకండుకు వేల సార్లు తెంచి కలుపుతూ గోళీకాయంత ట్రాన్స్‌ఫార్మరులోకి పంపుతుంది. ఫోను తగిలించి లేనప్పుడు లోపలి చిప్పుకు ఆ సంగతి తెలుస్తుంది. అప్పుడది నిద్రలోకి జారుకుంటుంది. అప్పుడప్పుడూ లేచి నాలుగు దెబ్బలు కొట్టి, అయిదు వోల్టులు నిలబడి ఉన్నాయో లేదో చూసుకుని మళ్లీ పడుకుంటుంది. మిగిలే ఆ వాటు ముక్కంతా ఈ అప్పుడప్పుడూ లేచే పనికీ, లోపలి ఒకటి రెండు రెసిస్టర్లకూ అవుతుంది.

తయారీదార్లు ఇదంతా ఊరికే చేయలేదు. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో పనిచేసిన అలన్ మయ్యర్ వంటివాళ్లు తొంభైలలోనే ఇళ్లలో ఊరకుండే కరెంటును లెక్కగట్టడం మొదలుపెట్టారు. 1999లో, ఊరకున్నప్పుడు ఏ పరికరమూ ఒక వాటుకు మించి తీసుకోకూడదన్న ప్రతిపాదన అంతర్జాతీయ ఇంధన సంస్థ ముందుకొచ్చింది. తర్వాత చట్టాలొచ్చాయి. చిన్న అడాప్టర్లకు ఐరోపాలో 2011 నుంచి 0.3 వాటు హద్దు, 2020 నుంచి 0.1 వాటు. అమెరికాలో 0.1 వాటు హద్దు 2016లోనే వచ్చింది. ప్రపంచమంతటికీ ఒకే చార్జరును అచ్చుపోసే కంపెనీలు మన కోసం వేరే నమూనా చేయవు కాబట్టి ఆ లాభం మన గోడలకూ వచ్చింది. అడాప్టరు వెనక చిన్న అక్షరాల మధ్య రోమన్ అంకెల్లో ఆరు అని ఉంటే అది 0.1 వాటు హద్దుకు లోబడి చేసిందని అర్థం. అయిదు అని ఉంటే 0.3. అసలేమీ లేని, రోడ్డు పక్క వంద రూపాయలకు దొరికే చార్జరు ఎంత తీసుకుంటుందో దాన్ని చేసినవాడికి కూడా తెలియకపోవచ్చు. దానికి ఒక మోటు పరీక్ష ఉంది. గంటసేపు ఖాళీగా గుచ్చి ఉంచి, ఆ తర్వాత పట్టుకు చూడండి. గోడకన్నా స్పష్టంగా వెచ్చగా తగిలితే అది వాటు దగ్గరలో లాగుతోందన్నమాట. అలాంటిదాన్ని తీసేయండి. డబ్బు కోసమైనా కాదు, అంత చవకలో వాళ్లు లోపల ఏ భద్రతను మిగిల్చారో తెలియదు కనుక.

కొలతలో ఇంకో ఉచ్చు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే బాబాయి అందులో పడబోయాడు. వీధి చివరి ఎలక్ట్రీషియన్ అప్పటికే మల్టీమీటరుతో ఒక చార్జరు కరెంటు కొలిచి 7 మిల్లీ ఆంపియర్లు అని చెప్పి ఉన్నాడు. 230తో గుణిస్తే 1.6 వస్తుంది. "ఒక్కోటీ వాటున్నర పైన తీసుకుంటోందిరా, నువ్వేమో వాటులో పదో వంతు కూడా లేదంటావు" అని బాబాయి నిలదీశాడు. ఇద్దరి కొలతలూ తప్పు కావు. చార్జరు గుమ్మంలో, రేడియో గురగురలను అడ్డుకోవడానికి ఒక చిన్న కెపాసిటరు ఉంటుంది. అది ప్రతి అలకూ కొంత కరెంటు లోపలికి పీల్చి, మరుక్షణమే తిరిగి లైనులోకి వదిలేస్తుంది. మల్టీమీటరు ఆ రాకపోకలు రెండింటినీ ఖర్చుగానే చూస్తుంది. ఇంటి మీటరు అలా చూడదు. తీసుకుని ఇచ్చేసినదాన్ని వదిలేసి, నిజంగా వేడిగా ఖర్చయిన వాట్లకే డబ్బు వేస్తుంది. బజారులో దొరికే ప్లగ్గు వాటుమీటర్లలో చవకవి కూడా ఒక వాటుకు దిగువన నమ్మదగ్గవి కావు. అందుకే మిణుకులు లెక్కపెట్టడమే మేలు.

చార్జర్లు అయిపోయాయి. పిన్ని ఫ్రిజ్జు సంగతి మళ్లీ గుర్తుచేసింది. నేను ఇంకో పావుగంట అడిగి సెట్‌టాప్ బాక్సు ప్లగ్గు పెట్టాను. రిమోటుతో ఆపేశాను, ఎర్ర లైటు ఒక్కటే మిగిలింది. పది మిణుకులకు 660 సెకండ్లే పట్టింది, బాక్సు వాటా 8 వాట్లు. ఆపాం అనుకున్న పెట్టె ఏడాదికి 70 యూనిట్లు, 420 రూపాయలు తింటోంది.

అయితే ఆ ఇంట్లో అసలైన చార్జరు మెట్ల కింద ఉంది. మనం దాన్ని చార్జరు అనుకోం, ఇన్వర్టరు అంటాం. కరెంటు పోనంతసేపూ అది చేసే పని బ్యాటరీని చార్జి చేయడమే. పైగా ఫోను చార్జరులా నిద్రపోదు. అందులో ఎలిమినేటరులోని లాంటి ఇనుప ట్రాన్స్‌ఫార్మరే, పదింతలు పెద్దది, పగలూ రాత్రీ గుంయ్‌మంటూ ఉంటుంది. బ్యాటరీ నిండిన తర్వాత కూడా దాన్ని నిండుగా ఉంచడానికి 13.5 వోల్టుల పైన సన్నని ధార ఒకటి పంపుతూనే ఉంటుంది. సెట్‌టాప్ బాక్సు తీసేసి ఇన్వర్టరు గుచ్చాం. కాసేపు ప్లగ్గు తీసి ఉంచాం కాబట్టి బ్యాటరీ మళ్లీ నిండేవరకూ ఆగాల్సి వచ్చింది. ఆ రెండు గంటలూ ఫ్రిజ్జు వేసుకోమని పిన్నికి చెప్పాం, మళ్లీ ఆపి కొలిచాం. పది మిణుకులు 310 సెకండ్లలో కొట్టేసింది. 36 వాట్లు. బల్బు పోగా 27.

27 వాట్లు ఏడాదికి 237 యూనిట్లు. ఆరు రూపాయల చొప్పున 1420 రూపాయలు. మూడు వందల అరవై చార్జర్ల ఖర్చు. అదీ ఒక్క నిమిషం కూడా ఉపయోగపడకుండా, ఎదురుచూస్తూ కూర్చోవడానికి.

దీన్ని ఆపేయమనడానికి లేదు. లెడ్-యాసిడ్ బ్యాటరీని చార్జి చేయకుండా వదిలేస్తే దానంతట అదే ఖాళీ అయి పాడవుతుంది, కరెంటు పోయినప్పుడు మనకు అక్కరకూ రాదు. కానీ ఆ 27లో ఎంత తప్పనిసరి, ఎంత రోగం అన్నది చూడొచ్చు. దానికి మీటరు కూడా అక్కర్లేదు, డిస్టిల్డ్ వాటర్ డబ్బా చాలు. నిండిపోయిన బ్యాటరీలోకి ఇంకా వెళ్లే కరెంటులో చాలాభాగం లోపలి నీటిని విడగొట్టి వాయువులుగా పంపేస్తుంది. ఒక ఆంపియర్ గంటసేపు వెళితే ఆరు గదుల్లోనూ కలిపి 2 మిల్లీలీటర్ల నీరు పోతుంది. బాబాయి బ్యాటరీ ఆరేళ్లది. నెలకో లీటరు నీళ్లు పోస్తున్నానని తనే చెప్పాడు. లెక్కేస్తే నెలకు 500 ఆంపియర్-గంటలు, అంటే రేయింబవళ్లు 0.7 ఆంపియర్ ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతోంది. అది సుమారు పది వాట్లు. బాగున్న ట్యూబులర్ బ్యాటరీకి మూడు నాలుగు నెలలకోసారి కొద్దిగా పోస్తే సరిపోతుంది. నెలనెలా పోయాల్సి వస్తోందంటే, ముట్టుకుంటే వెచ్చగా ఉంటోందంటే ప్లేట్లు అరిగాయని అర్థం. కరెంటు పోయినప్పుడు ఇది ముప్పావుగంట కూడా రావడం లేదని పిన్ని అప్పటికే రెండు నెలలుగా అంటోంది.

ఏప్రిల్‌లో బ్యాటరీ మార్చారు. నెల ఆగి, మళ్లీ అదే బల్బు పెట్టి కొలిచాను. 433 సెకండ్లు, అంటే 26 వాట్లు, బల్బు పోగా 17. మిగిలిన పది వాట్లకు ఏడాదికి 88 యూనిట్లు, 526 రూపాయలు. బ్యాటరీకి పెట్టిన డబ్బు ఈ లెక్కన తిరిగి రావాలంటే బాబాయి ఇంకో జీవితం బతకాలి. మార్చింది కరెంటు ఆదా కోసం కాదు, ఎండల్లో ఫ్యాను తిరగడానికి. ఆదా దాని వెంట వచ్చింది.

తెలంగాణలో ఉన్నవాళ్లకు ఇదే లెక్క ఇంకోలా తగులుతుంది. అక్కడ గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు ఉచితం వర్తించే ఇళ్లున్నాయి. 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. మెట్ల కింది ఇన్వర్టరు 27 వాట్లంటే నెలకు 20 యూనిట్లు. 195 దగ్గర ఆగిన ఇంటికీ, 205కు చేరిన ఇంటికీ మధ్య తేడా చేసేది అదే. అలాంటి ఇంట్లో నాలుగు ఫోను చార్జర్లూ కలిసి నెలంతా తీసుకునేది యూనిట్‌లో అయిదో వంతు. వాటి మీద గొడవపడి లాభం లేదు.

ఇవన్నీ చెప్పినా బాబాయి రాత్రిళ్లు చార్జర్ల స్విచ్చులు కట్టడం మానలేదు. కడితే కట్టుకోనీ, తప్పేముంది. పిడుగులు పడే రోజుల్లో గోడకు ఏమీ గుచ్చి లేకపోవడం మంచిదే. మొన్న వెళ్లినప్పుడు మాత్రం సెట్‌టాప్ బాక్సుకు విడిగా ఒక స్విచ్చి పెట్టించాడు, రాత్రి పదికి కట్టేసి పొద్దున వార్తలకు వేస్తున్నాడు. ఆ కొత్త స్విచ్చి పక్కన ఎర్ర ఇండికేటరు కూడా పెట్టించుకున్నాడు. అది వెలుగుతూ ఉంటే తీసుకునేది ఇంచుమించు ఒకటి రెండు ఫోను చార్జర్లంత. ఆ సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు.